పాస్‌పోర్టులో షేక్, టికెట్‌లో ఎస్‌కే: విమాన టికెట్‌లో పేరు తేడా వస్తే సరిచేసుకోవడం ఎలా

కడప, రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్‌కు పోయేవారు ఎక్కువగా చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో విమానం ఎక్కుతారు. వారిలో చాలామంది టికెట్‌ను స్వయంగా కొనుక్కోరు. ఊళ్లోని ట్రావెల్స్ ఆఫీసులో పేరు చెప్పి, లేదా ఆధార్ కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపి, డబ్బు కట్టి వస్తారు. టికెట్ ఫోనుకు వచ్చాక అందులో తేదీ, సమయం చూసుకుంటారు గాని, పేరును అక్షరం అక్షరం చదివేవారు తక్కువ. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర నిలబడ్డాక, పాస్‌పోర్టులో SHAIK అని, టికెట్‌లో SK అని ఉన్న సంగతి అక్కడి ఉద్యోగి చెబితే తప్ప తెలియదు. ఈ తేడాను ఇంటి దగ్గరే ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక ఎవరి చేత ఎలా సరిచేయించుకోవాలో ఇక్కడ వివరిస్తాను. విదేశానికి పోయే విమాన టికెట్, పాస్‌పోర్టు అన్న ఒక్క సందర్భాన్నే ప్రధానంగా తీసుకుంటున్నాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఎక్కువ డబ్బు, ఎక్కువ ఆశ పోయేది అక్కడే.

కౌంటరులో ఎందుకు ఆపుతారు

విమానాశ్రయంలో మీ పేరును ముగ్గురు చూస్తారు. గేటు దగ్గర భద్రతా సిబ్బంది టికెట్‌లోని పేరును, మీరు చూపే గుర్తింపు పత్రాన్ని, మీ ముఖాన్ని పోల్చి లోపలికి పంపుతారు. తర్వాత విమాన సంస్థ కౌంటరులో ఉద్యోగి పాస్‌పోర్టును యంత్రం మీద పెడతారు. చివరికి ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టును, వీసాను చూస్తారు. వీరిలో పేరు విషయంలో అందరికంటే గట్టిగా ఉండేది కౌంటరు ఉద్యోగే. ప్రయాణికుల వివరాలను విమాన సంస్థ దిగబోయే దేశానికి ముందుగానే పంపవలసి ఉంటుంది. సరైన పత్రాలు లేని మనిషిని తీసుకుపోతే ఆ మనిషిని తిరిగి తెచ్చే ఖర్చు, జరిమానా ఆ సంస్థ మీదే పడతాయి. అందువల్ల మీరెంత బతిమాలినా ఆ ఉద్యోగి సొంతంగా ఒప్పుకోలేరు. పేరు సరి అయిన తర్వాతే బోర్డింగ్ పాసు ఇస్తారు.

మొదటి పని: పాస్‌పోర్టు అడుగు భాగం చదవండి

పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీని తెరిచి, అన్నిటికంటే కింద ఉన్న రెండు పొడుగాటి వరుసలను చూడండి. కౌంటరులోని యంత్రం చదివేది ఆ వరుసలనే. మహబూబ్ బాషా అనే ఒక ఊహాజనిత వ్యక్తి పాస్‌పోర్టులో పై వరుస ఇలా ఉంటుంది:

```
P<INDSHAIK<<MAHABOOB<BASHA<<<<<<<<<<<<<<<<<<
```

ఇందులో IND తర్వాత రెండు బాణాల గుర్తులు వచ్చే వరకు ఉన్నది ఇంటిపేరు, ఆ రెండు గుర్తుల తర్వాత ఉన్నది మనిషి పేరు. అంటే ఇంటిపేరు SHAIK, పేరు MAHABOOB BASHA. ఒకే బాణం గుర్తు ఉంటే అది రెండు మాటల మధ్య ఖాళీ అని అర్థం. మీ ఆధార్‌లో, పదో తరగతి మార్కుల జాబితాలో, రేషన్ కార్డులో పేరు ఎలా ఉన్నా ఈ ప్రయాణానికి లెక్కకు వచ్చేది ఈ వరుస ఒక్కటే. దాన్ని అలాగే ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత టికెట్ తీసి దాని పక్కన పెట్టండి.

విమాన టికెట్‌లో పేరు సాధారణంగా ఇంటిపేరు, ఒక గీత, ఆ తర్వాత పేరు అన్న వరుసలో ఉంటుంది. మన ఉదాహరణకు సరైన రూపం SHAIK/MAHABOOBBASHA MR అవుతుంది. రెండు మాటలూ కలిసిపోయాయని, MR అన్నది కూడా వచ్చి పేరుకు అంటుకుని MAHABOOBBASHAMR అయిందని చాలామంది భయపడతారు. అది తప్పు కాదు. టికెట్ తయారుచేసే వ్యవస్థ ఖాళీలను తీసేసి అలా చూపిస్తుంది, కౌంటరులో అందరికీ ఆ సంగతి తెలుసు. దానికోసం డబ్బు కట్టి సవరణ చేయించుకోవలసిన అవసరం లేదు.

నిజంగా సరిచేయవలసిన తేడాలు వేరే ఉన్నాయి. SK/MAHABOOBBASHA అని ఉంటే ఇంటిపేరును కుదించి రాశారు. మనం ఎస్‌కే అన్నా షేక్ అన్నా ఒకటే అనుకుంటాం గాని, యంత్రానికి అవి రెండు వేర్వేరు ఇంటిపేర్లు. BASHA/SHAIKMAHABOOB అని ఉంటే పేరు తారుమారైంది. టికెట్ ఫారంలో చివరి పేరు అని అడిగినచోట, మన పేర్లలో చివర వచ్చే మాటను నింపడం వల్ల ఇది జరుగుతుంది. రెడ్డి, నాయుడు, బాషా, అమ్మ అని ముగిసే పేర్లన్నిటికీ ఈ ఇబ్బంది ఉంది. ఆ గడిలో నింపవలసింది పాస్‌పోర్టులోని ఇంటిపేరు గాని, పేరు చివరి ముక్క కాదు. మూడోది పెళ్లయిన ఆడవాళ్లకు వచ్చే తేడా. పాస్‌పోర్టు పుట్టింటి పేరుతో ఉంటుంది, టికెట్ కొనేటప్పుడు ఇంట్లోవాళ్లు అత్తింటి పేరు చెబుతారు. పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, పాస్‌పోర్టు మారనంత వరకు టికెట్ పుట్టింటి పేరుతోనే ఉండాలి.

ఇంకొక తేలికైన పరీక్ష ఉంది. విమాన సంస్థ వెబ్‌సైట్‌లో బుకింగ్ చూసుకునే పేజీ తెరిచి, టికెట్ మీది ఆరక్షరాల పీఎన్ఆర్‌తో పాటు, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు టైపు చేయండి. బుకింగ్ తెరుచుకుంటే ఇంటిపేరు వరకు సరిగా ఉన్నట్టే. SHAIK అని కొడితే తెరుచుకోకుండా, SK అని కొడితేనో BASHA అని కొడితేనో తెరుచుకుంటే, ఏజెంటు మీకు పంపిన కాగితంలో ఏమున్నా సంస్థ దగ్గర మాత్రం తప్పే ఉంది. కొందరు ఏజెంట్లు తాము పంపే కాగితం మీద మాత్రమే పేరు దిద్ది ఇస్తారు గనుక ఈ పరీక్షను వదలకండి.

రెండో పని: దేన్ని మార్చాలో తేల్చుకోండి

తేడా కనబడగానే పాస్‌పోర్టు మార్పించుకుందాం అనేవారు ఉంటారు. ఆ తొందర వద్దు. వీసా మీ పాస్‌పోర్టు నంబరు మీద వచ్చింది. పాస్‌పోర్టును మళ్లీ జారీ చేయించుకుంటే నంబరు మారుతుంది, అప్పుడు వీసా చిక్కులో పడుతుంది. కాబట్టి పాస్‌పోర్టులో పేరు, వీసాలో పేరు కలుస్తున్నంత కాలం ఆ రెండింటినీ కదపకుండా టికెట్‌ను మాత్రమే వాటి దారికి తెచ్చుకోవాలి. టికెట్ మార్చడం గంటల్లోనో రోజుల్లోనో అయ్యే పని, పాస్‌పోర్టు అలా కాదు.

వీసాలోనే పేరు గాని, పాస్‌పోర్టు నంబరు గాని తప్పు పడితే దాన్ని టికెట్ ఏజెంటు సరిచేయలేరు. వీసా తీసిన కఫీల్ గాని, కంపెనీ గాని అక్కడి నుంచే సరిచేయించాలి. అది పూర్తయ్యే వరకు టికెట్ కొనకపోవడమే మేలు.

మూడో పని: టికెట్ ఎక్కడ కొన్నారో అక్కడికే వెళ్లండి

టికెట్ విమాన సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్నదైతే ఆ సంస్థకే ఫోను చేయండి. 24 గంటలు గడవకముందే చేయండి. అలా నేరుగా కొన్న టికెట్‌లో అదే మనిషి పేరు స్పెల్లింగ్ తప్పు పడిందని కొన్న 24 గంటల్లోపు చెబితే, సవరణకు ఛార్జీ తీసుకోకూడదని, విమాన సంస్థలను నియంత్రించే ప్రభుత్వ విభాగమైన డీజీసీఏ నిబంధన ఉంది. ఏజెంటు దగ్గర కొన్నదైతే సంస్థ సాధారణంగా మళ్లీ ఆ ఏజెంటు దగ్గరికే పంపుతుంది, ఎందుకంటే ఆ టికెట్ ఏజెంటు ఖాతాలో తయారైంది. అందువల్ల ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి కూర్చుని అడగడమే దగ్గరి దారి.

అక్కడ మీకు మొదట వినబడే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఏం కాదులేన్నా, శానామంది ఇట్లనే పోతాండారు.” ఆ మాట నమ్మి లేచి రాకండి. కొందరు పోయి ఉండవచ్చు. కౌంటరులో ఆపితే ఆ పూట అక్కడ నిలబడేది మీరు, ఏజెంటు కాదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ కాపీ, టికెట్ కాపీ ఇచ్చి, ఏ అక్షరాలు ఎలా మారాలో కాగితం మీద రాసి ఇవ్వండి. అదే విషయం వాట్సాప్‌లో కూడా పంపండి, అప్పుడు ఎప్పుడు అడిగారో తేదీతో సహా నిలిచి ఉంటుంది. మీరు సరైన పాస్‌పోర్టు కాపీ ఇచ్చినా ఏజెంటు తప్పుగా టైపు చేసి ఉంటే, సవరణ ఖర్చు వారిదే అని గట్టిగా, మర్యాదగా చెప్పండి. మీరు నోటితో పేరు చెప్పి ఉంటే మాత్రం ఆ వాదన నిలవడం కష్టం. అందుకే ఇకముందు టికెట్ ఎప్పుడు కొన్నా పేరు నోటితో చెప్పవద్దు, ఆధార్ ఫొటో పంపవద్దు, పాస్‌పోర్టు ఫొటో పేజీ పంపండి.

ఇప్పుడు మన మహబూబ్ బాషా సంగతి చూద్దాం. ఆయన చెన్నై నుంచి కువైట్‌కు పోయి తిరిగి వచ్చే టికెట్ కొన్నారు, ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుంది అనుకుందాం. టికెట్‌లో SK/MAHABUBBASHA MR అని పడింది. ఇక్కడ రెండు తేడాలున్నాయి. SK కాస్తా SHAIK కావాలంటే మూడు అక్షరాలు చేరాలి. MAHABUB కాస్తా MAHABOOB కావాలంటే U పోయి రెండు O లు రావాలి, అది ఇంకో రెండు అక్షరాల మార్పు. మొత్తం ఐదు. ఈ లెక్క ఎందుకంటే చాలా విమాన సంస్థలు మూడు అక్షరాల వరకు తేడాను చిన్న స్పెల్లింగ్ సవరణగా తీసుకుని సులభంగా చేస్తాయి, అంతకు మించితే విడిగా పరిశీలిస్తాయి. ఏజెంటు ఇక్కడే “మూడు దాటింది, కొత్త టికెట్టే కొనాల” అంటారు. వెంటనే ఒప్పుకోకండి. టికెట్‌ను ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి మార్చడం సంస్థలు ఒప్పుకోవు గాని, ఒకే మనిషి పేరు కుదించి పడిందని పాస్‌పోర్టు కాపీతో చూపిస్తే దాన్ని సవరణగా పరిశీలించే వీలు ఉంటుంది. ఏజెంటు తన కంప్యూటరులో తానే మార్చలేకపోవచ్చు. సంస్థకు పాస్‌పోర్టు కాపీతో అభ్యర్థన పంపి అనుమతి తెప్పించుకోవాలి. మీరు అడగవలసిన మాట అదే: “పాస్‌పోర్టు కాపీ పెట్టి కంపెనీకి రిక్వెస్టు పంపినారా, వాళ్ల జవాబు చూపించండి.”

సంస్థ ఒప్పుకుంటే రెండు రకాలుగా జరుగుతుంది. అదే పీఎన్ఆర్‌లో పేరు మారి టికెట్ మళ్లీ జారీ కావచ్చు, లేదా కొత్త పీఎన్ఆర్ రావచ్చు. కొత్తది వస్తే మీరు ముందు డబ్బు కట్టి తీసుకున్న అదనపు సామాను, సీటు, భోజనం కొత్తదానిలోకి వచ్చాయో లేదో చూసుకోండి, అవి పాతదానిలోనే ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. సంస్థ ఒప్పుకోక టికెట్ రద్దు చేసి కొత్తది కొనవలసి వస్తే, రద్దు ఛార్జీ ఎంత, వెనక్కి వచ్చేది ఎంత, కొత్త ధర ఎంత అన్నవి విడివిడిగా రాయించుకోండి. పేరు మార్పు అని ఒకే మొత్తం చెప్పి, లోపల రద్దు చేసి కొత్తది కొని, వెనక్కి వచ్చిన డబ్బు గురించి చెప్పని ఏజెంట్లూ ఉంటారు. 13 అంకెల టికెట్ నంబరు, పీఎన్ఆర్ రెండూ మారి ఉంటే పాత టికెట్ డబ్బు ఏమైందని అడగడం మీ హక్కు. పేరు సవరణలో కూడా నంబర్లు మారవచ్చు గనుక నింద వేయకుండా లెక్క మాత్రం అడగండి.

రానూపోనూ టికెట్ అయితే మొదటి విమానం ఎక్కకముందే మొత్తం సవరణ జరగాలి. సగం వాడిన టికెట్‌లో పేరు మార్చడం చాలా కష్టం. దారిలో విమానం మారే ప్రయాణంలో రెండు సంస్థల విమానాలుంటే, టికెట్ జారీ చేసిన సంస్థ దగ్గర పేరు మారినా రెండోదాని దగ్గర పాతదే ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకని సవరణ అయ్యాక రెండు సంస్థల వెబ్‌సైట్లలోనూ ఇందాక చెప్పిన పరీక్షే మళ్లీ చేయండి. బుకింగ్‌లో పాస్‌పోర్టు నంబరు కూడా నింపి ఉంటే, అది పాత పాస్‌పోర్టుది కాదని చూసుకోండి.

పాస్‌పోర్టులోనే ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే

ఇది వేరే సమస్య. మన పల్లెల్లో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. టికెట్ ఫారం మాత్రం రెండు గడులూ నింపమంటుంది. అలాంటప్పుడు కొన్ని సంస్థలు ఉన్న పేరునే రెండుచోట్లా వేయమంటాయి, కొన్ని ఖాళీకి బదులు, మొదటి పేరు తెలియదు అన్న అర్థంలో FNU అనో, చివరి పేరు తెలియదు అన్న అర్థంలో LNU అనో వేయమంటాయి. ఒక సంస్థ పద్ధతి ఇంకొకదానికి పనికిరాదు కాబట్టి, కొనేముందే ఆ సంస్థకు ఫోను చేసి కనుక్కోవాలి. తండ్రి పేరో, ఊరి పేరో తెచ్చి ఆ గడిలో పెట్టవద్దు, అది పాస్‌పోర్టులో లేని పేరు అవుతుంది.

దుబాయ్, షార్జా, అబుదాబి పోయేవారికి ఇంకో నిబంధన ఉంది. 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గాని పేరు గాని ఏదో ఒక గడి మాత్రమే నిండి ఉన్నవారిని సందర్శక వీసాల మీద రానివ్వబోమని యూఏఈ ప్రకటించింది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు లేదా కుటుంబం పేరు ఉంటే కొంత సడలింపు ఇచ్చారు. విజిట్ వీసా మీద పిల్లలను చూడడానికి పోయే పెద్దవాళ్లు దీనిలో చిక్కుకుంటారు. అలాంటివారు టికెట్‌తో కుస్తీ పట్టకుండా పాస్‌పోర్టునే సరిచేయించుకోవాలి, అదీ వీసాకు పెట్టకముందే. పాస్‌పోర్టు సేవ వెబ్‌సైట్‌లో రీఇష్యూ దరఖాస్తు తెరిచి, వివరాల మార్పు అన్నది ఎంచుకుని, ఉన్న పేరును ఇంటిపేరుగా, పేరుగా విడదీసి నింపాలి. 36 పేజీల పుస్తకానికి రుసుము 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. కడప, కర్నూలు, అనంతపురం వాసులు తపాలా కార్యాలయంలోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి గాని, తిరుపతి కేంద్రానికి గాని సమయం తీసుకోవచ్చు. పోలీసు విచారణ రావచ్చు కాబట్టి ప్రయాణానికి బాగా ముందే మొదలుపెట్టండి.

ఆధార్‌లో పేరు తప్పుంటే దాన్ని కూడా అప్పుడే సరిచేసుకోవడం మంచిదే. కాని పేరు మార్పుకు జీవితకాలంలో రెండుసార్లే అవకాశం ఇస్తారు గనుక, పాస్‌పోర్టులో ఎలా ఉందో చూసుకుని దానికి సరిగ్గా కలిసేటట్టు ఒక్కసారే చేయించుకోండి.

దేశంలోపలి ప్రయాణం, రైలు

కడప నుంచి గాని, ఓర్వకల్లు నుంచి గాని లోపలి విమానంలో పోయి, అక్కడ విదేశీ విమానం ఎక్కేవారు రెండు టికెట్లూ పాస్‌పోర్టు స్పెల్లింగ్‌తోనే తీసుకుని, రెండుచోట్లా పాస్‌పోర్టే చూపితే గొడవ ఉండదు. ఆధార్ స్పెల్లింగ్‌తో ఒకటి, పాస్‌పోర్టు స్పెల్లింగ్‌తో ఒకటి తీసుకుంటే ఏ గేటులో ఏది చూపాలో గుర్తు పెట్టుకోవాలి.

రైలులో ఒకటి రెండు అక్షరాల తేడాను టీటీఈలు సాధారణంగా పట్టించుకోరు. టికెట్ వేరే కుటుంబ సభ్యుని పేరు మీదకు మార్చాలంటే మాత్రం, రైలు బయలుదేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ ఆఫీసులో గుర్తింపు పత్రాలతో దరఖాస్తు ఇవ్వాలి.

ప్రయాణం రోజే తేడా బయటపడితే

విదేశీ విమానాల చెక్‌ఇన్ కౌంటరు సాధారణంగా బయలుదేరడానికి గంట ముందు మూసేస్తారు. తెరిచేది మూడు నాలుగు గంటల ముందు. పేరులో అనుమానం ఉన్నవారు కౌంటరు తెరిచే వేళకే అక్కడ ఉండాలి. గేటు దగ్గరే ఆపితే భద్రతా సిబ్బందితో వాదించవద్దు, పేరు మార్చే అధికారం వారికి లేదు. గేటు బయట విమాన సంస్థ టికెట్ కౌంటరు ఎక్కడుందో అడిగి అక్కడికి వెళ్లండి. లోపల చెక్‌ఇన్‌లో ఆపితే డ్యూటీ మేనేజరును పిలిపించమని అడిగి, పాస్‌పోర్టు, వీసా, పాత ప్రయాణాల ముద్రలు చూపి సవరణ కోరండి. ఆ సమయంలోనే ఏజెంటుకు కూడా ఫోను చేసి, వారివైపు నుంచి అభ్యర్థన పంపించండి. కొన్ని సంస్థలు కౌంటరులోనే ఛార్జీ తీసుకుని సరిచేస్తాయి, దానికి రసీదు తీసుకోండి.

ఎంత చేసినా కుదరదని తేలితే, కౌంటరు మూసేలోపే ఆ రోజు ప్రయాణాన్ని వేరే తేదీకి మార్పించుకోండి. ఏమీ చెప్పకుండా బయటికి వచ్చేస్తే మిమ్మల్ని విమానానికి రానివారిగా నమోదు చేస్తారు. అప్పుడు తిరుగు ప్రయాణం టికెట్ కూడా దానితో పాటే రద్దయ్యే ప్రమాదం ఉంది, వెనక్కి వచ్చే డబ్బూ తగ్గిపోతుంది. తేదీ మారిన వెంటనే వీసా ఎప్పటి వరకు చెల్లుతుందో చూసుకుని, కొత్త తేదీ అంతకు ముందే ఉండేటట్టు పెట్టించి, ఆ సంగతి కఫీల్‌కు గాని కంపెనీకి గాని ఆ రోజే తెలియజేయండి.